చుట్ట విప్పకుండానే పైపు పొడవు

పాత బోరులోంచి తీసి, చుట్టి, తాళ్లతో కట్టి గోడకి ఆనించిన నల్ల పైపు పల్లెల్లో చాలా ఇళ్ల వెనక కనిపిస్తుంది. కొత్త బోరు వేసినప్పుడు మొదట చూపు పడేది దాని మీదే. మోటారు 57 మీటర్ల లోతున దించాలి, పైన ట్యాంకు దాకా ఇంకో 3 మీటర్లు కావాలి, మొత్తం 60. ఈ చుట్టలో అంత పైపు ఉందా? విప్పి పరిచి కొలవాలంటే అంత జాగా కావాలి, ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. తీరా చాలకపోతే మళ్లీ చుట్టాలి. హెచ్‌డీపీఈ పైపు బిగువుగా చుట్టుకుని ఉంటుంది కాబట్టి, తాళ్లు కోసేశాక దాన్ని తిరిగి అదే చుట్టలోకి తేవడం తేలిక కాదు.

విప్పకుండా చెప్పడానికి మూడు సంగతులు తెలిస్తే చాలు: చుట్ట ఎంత వెడల్పు వృత్తం, పైపు ఎంత లావు, మొత్తం ఎన్ని చుట్లు.

లెక్క వెనకున్న ఆలోచన సులువైనదే. ఒక్కో చుట్టూ ఒక వృత్తం. దాని వ్యాసాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత, అంటే ఆ ఒక్క చుట్టులో ఉన్న పైపు పొడవు వస్తుంది. చిక్కల్లా చుట్లన్నీ ఒకే సైజులో లేకపోవడమే. లోపలి వరసలో చుట్టు చిన్నది, బయటి వరసలో పెద్దది. కానీ వరస వరసకీ పెరుగుదల సమానంగా ఉంటుంది. అందుకే అన్నిటినీ విడివిడిగా కొలవక్కర్లేదు. చుట్ట బయటి వ్యాసం, లోపలి ఖాళీ వ్యాసం కలిపి సగం చేస్తే సగటు చుట్టు వ్యాసం దొరుకుతుంది. దాన్ని 3.14తోనూ, మొత్తం చుట్లతోనూ గుణించాలి. వరసకి ఇన్నేసి చుట్లని సమానంగా ఉన్నంతవరకు ఇది కచ్చితంగా పనిచేస్తుంది.

ఇక ఆ గోడ పక్కనున్న చుట్టనే తీసుకుందాం. పైపు 32 మిల్లీమీటర్లది, అంటే బయటి లావు 3.2 సెంటీమీటర్లు. టేపు పెడితే చుట్ట లోపలి ఖాళీ 80 సెంటీమీటర్లు, బయటి అంచు నుంచి అంచుకి 103 వచ్చింది. సగటు 91.5. ఒక్కో చుట్టుకి 287 సెంటీమీటర్ల పైచిలుకు పైపు ఉందన్నమాట.

ఇప్పుడు చుట్లు ఎన్నో తేలాలి. అసలు కష్టం ఇక్కడుంది, ఎందుకంటే లోపలి వరసలు కంటికి కనిపించవు. బయటివైపు నుంచి చూస్తే పక్కపక్కన 5 చుట్లున్నాయి. ఎన్ని వరసలో తెలియాలంటే చుట్ట మందం చూడాలి. 103లోంచి 80 తీసేసి సగం చేస్తే 11.5 సెంటీమీటర్లు. దాన్ని పైపు లావు 3.2తో భాగిస్తే మూడున్నర వరసలని వస్తుంది. సగం వరస ఎక్కడిది?

పొరపాటు భాగహారంలో లేదు. పైవరస పైపు కింది వరస పైపు మీద నిటారుగా కూర్చోదు. రెండు పైపుల మధ్య పల్లంలోకి దిగుతుంది, బండి మీద పేర్చిన బత్తాయిల్లాగా. అలా దిగినప్పుడు మొదటి వరస తర్వాత వచ్చే ఒక్కో వరసా మందానికి పైపు లావులో సుమారు 87 శాతమే కలుపుతుంది. 32 మిల్లీమీటర్ల పైపుకి అది 2.8 సెంటీమీటర్ల లోపే. మొదటి వరసకి 3.2, ఆపైన మూడు వరసలకి మూడు 2.77లు కలిపితే 11.5. అంటే ఉన్నవి నాలుగు వరసలు.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. పల్లాల్లో కూర్చున్న వరసలో ఐదు చుట్లుంటాయా, నాలుగేనా? చుట్ట వెడల్పు కొలిస్తే తెలుస్తుంది. సరిగ్గా ఐదు పైపుల వెడల్పు, 16 సెంటీమీటర్లే ఉంటే వరస తప్పి వరసలో నాలుగే పడతాయి, మొత్తం 18 చుట్లు. ఇక్కడ టేపు 17.6 చూపించింది, అంటే ఐదున్నర పైపుల వెడల్పు. ప్రతి వరసలోనూ ఐదుకి చోటుంది. మొత్తం 20 చుట్లు.

ఇరవై చుట్లు, చుట్టుకి 2.875 మీటర్లు: 57.5 మీటర్లు.

బయటి వ్యాసం ఒక్కటే కొలిచి 20 చుట్లతో గుణించి ఉంటే 64.7 మీటర్లని తేలేది. ఆ ధైర్యంతో తాళ్లు కోసి, మోటారు బిగించి, బోరులోకి దించాక రెండున్నర మీటర్లు తక్కువని తెలిసేది. అప్పుడు ముక్క అతకాలి. వేలాడే పైపులో అతుకు మీద నమ్మకం తక్కువ, మోటారు బరువూ పైపులో నిండిన నీటి బరువూ ఆ జాయింటు మోయాలి.

ఏ తప్పు ఎంత దూరం లాగుతుందో గమనిస్తే, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది. 3.14 బదులు 22/7 వాడినా, ఆర్యభటుడు ఇచ్చిన 3.1416 వాడినా ఈ చుట్టలో తేడా కొన్ని సెంటీమీటర్లే. సగటు వ్యాసంలో ఒక సెంటీమీటరు తప్పితే 63 సెంటీమీటర్లు పోతాయి. ఒక్క చుట్టు లెక్క తప్పితే దాదాపు మూడు మీటర్లు గల్లంతు. కాబట్టి చుట్లు లెక్కపెట్టేటప్పుడు ప్రతి పైపు మీదా సుద్దముక్కతో గీత పెట్టుకోవడం మంచిది. రెండు కొసలూ ఒకేచోట లేకపోతే ఆ అర చుట్టూ, పావు చుట్టూ కూడా కలపాలి.

ఎండలో పడి, మీద బరువు పడి చుట్ట కోడిగుడ్డులా సాగిపోతే వ్యాసం ఒక్కోవైపు ఒక్కోలా వస్తుంది. అప్పుడు దర్జీ టేపులాంటి మెత్తటి టేపుతో, లేదా పురికొసతో, చుట్ట బయటి అంచు చుట్టూ ఒకసారి, లోపలి అంచు వెంబడి ఒకసారి కొలవాలి. ఆ రెండిటి సగటే సగటు చుట్టు పొడవు. మన చుట్టయితే బయట 324, లోపల 251 వస్తాయి, సగటు మళ్లీ 287 పైచిలుకే. ఈ పద్ధతిలో 3.14 అవసరమే లేదు, చుట్ట గుండ్రంగా లేకున్నా మందం అంతటా ఒకేలా ఉంటే లెక్క చెడదు. చేతనైనంతవరకు ఇదే వాడాలి.

చుట్లు అడ్డదిడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి పోయినప్పుడు ఈ లెక్కలేవీ నిలబడవు. వరసలు చెదిరిన చుట్టలో మధ్య మధ్య ఖాళీలుంటాయి, మందాన్ని బట్టి వరసలు చెబితే లేని పైపు ఉన్నట్టు కనిపిస్తుంది. దానికి తూకమే దారి. అదే రకం పైపు మీటరు ముక్క దొరికితే తూచి, చుట్ట బరువుని దాంతో భాగించాలి. గోడ మందం 3 మిల్లీమీటర్లున్న 32 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పైపు మీటరుకి సుమారు 260 గ్రాములుంటుంది, 57.5 మీటర్ల చుట్ట 15 కిలోల దగ్గర తూగాలి. అయితే లోపల నీళ్లు మిగిలి ఉండకూడదు. ఆ పైపు నిండా నీళ్లుంటే మీటరుకి అర కిలో దాటుతాయి, పైపు బరువుకి రెట్టింపు.

ఇవన్నీ మొదలుపెట్టేముందు పైపు మీద అచ్చు చూడాలి. కొన్ని కంపెనీలు మీటరు మీటరుకీ వరస అంకె వేస్తాయి. రెండు కొసల దగ్గరి అంకెలు చదవగలిగితే ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేయడమే. పాత పైపు మీద ఆ అచ్చు చెరిగిపోయి ఉంటే టేపు పట్టాలి.

బిగువుగా, వరసగా ఉన్న చుట్టకి ఈ అంచనాలో నూటికి ఒకటి రెండు మీటర్ల తేడా ఉండొచ్చు. 57.5 వచ్చినప్పుడు ఎలా చూసినా 60 కాదని తెలిసిపోతుంది, కొత్త చుట్ట కొనడమో, మోటారుని మూడు నాలుగు మీటర్లు పైన ఆపితే నీళ్లు అందుతాయేమో చూడటమో చేయాలి. అదే 60.5 వచ్చుంటే మాత్రం అంచనాని నమ్మి బోరులోకి దించకూడదు. చుట్టని నిలబెట్టి, బయటి కొస నేలకి అదిమిపట్టి, చక్రంలా దొర్లిస్తూ విప్పి, టేపు పెట్టి కొలుచుకోవాలి. పడుకోబెట్టి ఒక్కో చుట్టూ పైకి లాగితే పైపు మెలిపడుతుంది.