ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు కట్టాక

జులై 15 ఉదయం. విజయవాడ ఆటోనగర్‌లో నేను లెక్కలు చూసే సంస్థలో, చేరి ఆరు నెలలు కూడా నిండని జూనియర్ క్లర్క్ అమ్మాయి రెండు కాగితాలు పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చింది. "సార్, బేరింగుల వాళ్లకి 47,200 రెండుసార్లు వెళ్లిపోయాయి" అంది. గొంతు వణుకుతోంది.

సరుకు బయల్దేరిన రోజే వాళ్లు బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపారు. బిల్లు నంబరు 0147. ఈమె ముందున్న సున్నా వదిలేసి 147 అని కంప్యూటర్‌లో ఎక్కించింది. వారం తర్వాత సరుకుతోపాటు అసలు బిల్లు వచ్చింది. ఈసారి ఉన్నది ఉన్నట్టు 0147 అని ఎక్కించింది. మనిషి కంటికి రెండూ ఒకటే. సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు బిల్లులు. జూన్ 6న ఒకసారి, 20న మరోసారి ఎన్‌ఈఎఫ్‌టీలో డబ్బు వెళ్లింది.

నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసినా ఇది దొరకలేదు. దొరకదు కూడా. రెండు చెల్లింపులూ మా పుస్తకంలో ఉన్నాయి, బ్యాంకులోనూ ఉన్నాయి, కాబట్టి లెక్క కుదిరిపోతుంది. పట్టిచ్చింది జీఎస్టీ పోర్టల్. అమ్మినవాళ్లు చూపించిన బిల్లులన్నీ మరుసటి నెల 14న జీఎస్టీఆర్-2బీలో మనకు కనిపిస్తాయి. అక్కడ బేరింగుల బిల్లు ఒక్కటే ఉంది. మా కొనుగోలు పుస్తకంలో రెండున్నాయి.

బిల్లులో సరుకు విలువ 40,000, పన్ను 7,200. ముందుగా రెండో ఎంట్రీ రద్దు చేయించాను. లేకపోతే రిటర్నులో 7,200 ఇన్‌పుట్ క్రెడిట్ అదనంగా వాడుకున్నట్టయ్యేది. రద్దు చేయగానే, వాళ్లకి 47,200 ఎక్కువ వెళ్లిందని ఖాతా తేటగా చూపించింది.

ఇక ఉత్తరం. ఆమె మొదటి ప్రతిలో మూడొంతులు క్షమాపణే. "నా వల్ల మీకు కలిగిన తీవ్ర అసౌకర్యానికి" అంటూ రెండు పేరాలు సాగింది. ఏ బిల్లు, ఏ తేదీ, ఎంత అన్నది ఎక్కడా లేదు. చివర్లో మాత్రం "దయచేసి క్రెడిట్ నోట్ పంపండి" అని ఉంది.

"చూడమ్మా, ఇది చదివేది అక్కడ నీలాంటి గుమస్తానే. ఆ రెండో 47,200 ఏ బిల్లుకో తెలియక 'ఆన్ అకౌంట్' కింద పెట్టి ఉంటారు. నీ ఉత్తరం చూసి వాళ్లు ఎంట్రీ వేసుకోగలగాలి" అన్నాను. క్రెడిట్ నోట్ మాట కొట్టేయించాను. సరుకు వెనక్కి పంపినప్పుడో, బిల్లులో ధర ఎక్కువ పడినప్పుడో అది ఇస్తారు. ఇక్కడ బిల్లు సరైనదే, చెల్లింపు ఒకటి ఎక్కువైంది. క్రెడిట్ నోట్ ఇస్తే వాళ్ల అమ్మకమూ పన్నూ తగ్గిపోయి, లేని తప్పు వాళ్ల లెక్కల్లోకి చేరుతుంది.

మూడో ప్రతి ఇలా కుదిరింది: "మీ బిల్లు నంబరు 0147కి జూన్ 6న 47,200 చెల్లించాం. అదే బిల్లుకి జూన్ 20న మరో 47,200 పొరపాటున పంపాం. పొరపాటు మాదే, క్షమించండి. రెండు చెల్లింపుల యూటీఆర్ నంబర్లు, మీ ఖాతా నకలు జతచేశాం. ప్రస్తుతం రావాల్సిన 29,500 బిల్లులో సర్దుబాటు చేసుకుని, మిగిలిన 17,700 డబ్బు వచ్చిన బ్యాంకు ఖాతాకే తిరిగి పంపగలరు. ధ్రువీకరణకు మా ఆఫీసు నంబరుకు ఫోన్ చేయండి."

చివరి రెండు వాక్యాలూ నేను చేర్చినవి. ఎక్కువ పంపాం, ఫలానా ఖాతాకు తిరిగి వేయండి అంటూ వచ్చే మోసపు ఉత్తరాలు వ్యాపారులు చూస్తూనే ఉన్నారు. వచ్చిన ఖాతాకే పంపమంటే, తెలిసిన నంబరుకు ఫోన్ చేయమంటే, అవతలివాళ్ల అనుమానం తీరుతుంది. ఎన్‌ఈఎఫ్‌టీ డబ్బు ఒకసారి వాళ్ల ఖాతాలో పడ్డాక, వాళ్లు ఒప్పుకుంటే తప్ప మన బ్యాంకు వెనక్కి తేలేదు. అందుకే ఆ నమ్మకం అవసరం.

యజమానికి వివరణ వేరుగా రాయాలి. అందులో "పని ఒత్తిడి వల్ల" అని రాసుకొచ్చింది. అది నిజమే కావచ్చు, కానీ రేపు మళ్లీ జరగకుండా ఆపేదేదో అందులో లేదు. దాన్ని తీసేసి, సున్నా వదిలేసిన సంగతి రాయించాను. స్టోర్స్‌లో సరుకు ముట్టిన రసీదు లేకుండా ఇకపై ఏ బిల్లూ ఎక్కించమని, బిల్లు నంబరు కాగితం మీద ఉన్నట్టే కొడతామని చేర్పించాను. కింద ఆమె ఒక్కతే సంతకం చేయబోతే ఆపాను. జూన్ 20 నాటి చెల్లింపును ఆమోదించింది నేనే. అదే బేరింగుల బిల్లు రెండు వారాల కిందటే నా చేతుల మీదుగా వెళ్లిందని నాకూ తట్టలేదు. ఆమె పేరు కింద నా పేరూ రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాం.