మనవాళ్లే తప్పు చేస్తుంటే?

రామాయణ భారతాల్లో ధర్మం గురించి మూడు నిమిషాల ప్రసంగం అనగానే, పిల్లలు రాముడి పితృవాక్యపాలనతో మొదలుపెట్టి గీతా శ్లోకంతో ముగిస్తారు. రెండూ గొప్పవే. కానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టినంత మాత్రాన అది పోలిక కాదు. రెండు కథలనూ ఒకే ప్రశ్న అడగాలి. నేనైతే ఇది అడగమంటాను: తప్పు చేస్తున్నది మన ఇంటివాళ్లే అయితే మన ధర్మం ఏమిటి?

లంకలో ఈ ప్రశ్న ఇద్దరు తమ్ముళ్లకు ఎదురైంది. సీతను తిరిగి అప్పగించమని విభీషణుడు చెప్పాడు. రావణుడు అవమానించేసరికి నలుగురు అనుచరులతో రాముడి దగ్గరికి వెళ్లిపోయాడు. కుంభకర్ణుడు కూడా అన్నగారి పని తప్పని ముఖంమీదే అన్నాడు, అయినా అతని కోసమే యుద్ధానికి వెళ్లి చనిపోయాడు. వాల్మీకి విభీషణుడి పక్షాన నిలిచాడు. సుగ్రీవుడు అనుమానించినా రాముడు అతనికి అభయమిచ్చాడు. మన జనం మాత్రం ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అంటూ నేటికీ అతణ్ణి పూర్తిగా క్షమించలేదు. ప్రసంగంలో ఈ సామెతను వదలకూడదు. సభలో కూర్చున్నవాళ్ల మనసులో ఉన్న అభ్యంతరం అదే.

భారతంలో ఆ పరీక్ష కౌరవ సభలో వచ్చింది. తనను తాను ఓడిపోయిన ధర్మరాజుకు నన్ను ఒడ్డే హక్కు ఉందా అని ద్రౌపది అడిగింది. ధర్మం సూక్ష్మమైనదంటూ భీష్ముడు తేల్చి చెప్పలేకపోయాడు. అప్పుడు లేచినవాడు దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు. జూదపు మత్తులో ఉన్న రాజు చేసిన పని చెల్లదన్నాడు. ద్రౌపది ఐదుగురికీ భార్య, తానే ఓడినవాడు ఆమెను ఒడ్డలేడన్నాడు. చిన్నవాడివి, నీకేం తెలుసని కర్ణుడు కసిరాడు. అంత మాట్లాడిన వికర్ణుడు యుద్ధంలో అన్న వైపే నిలబడి, పద్నాలుగో రోజున భీముడి చేతిలో చనిపోయాడు. ప్రతిజ్ఞ కోసం చంపిన భీముడే అతని కోసం బాధపడ్డాడు. ధృతరాష్ట్రుడి మరో కొడుకు యుయుత్సుడు యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు పిలుపు విని పాండవుల వైపు వచ్చేశాడు.

అంటే ఉన్నవాడు, వెళ్లినవాడు రెండు కథల్లోనూ ఉన్నారు. తేడా ఎక్కడుంది? విభీషణుడికి ఎదురుగా తప్పు లేని రాముడున్నాడు కాబట్టి దారి స్పష్టంగా కనిపించింది. వికర్ణుడికి ఎదురుగా ఉన్నది భార్యను పణంగా పెట్టిన ధర్మరాజు. అన్నను వదిలి వెళ్లినా అతనికి మచ్చలేని పక్షం దొరకదు. రామాయణం ఎటు వెళ్లాలో చూపిస్తే, భారతం ఎటు వెళ్లినా ఏం పోగొట్టుకుంటామో చూపిస్తుంది. మూడు నిమిషాల్లో ఈ ఒక్క మాట నిలబెడితే చాలు.

‘అయితే కుంభకర్ణుడిది తప్పా?’ అని న్యాయనిర్ణేత అడగవచ్చు. తప్పును తప్పని చెప్పడం వరకు అతను విభీషణుడితో సమానమేనని, ఆ తర్వాత తెలిసి తెలిసి అన్యాయానికి బలమిచ్చాడని విద్యార్థి ధైర్యంగా చెప్పవచ్చు. యుయుత్సుడి సంగతీ అప్పుడే చెప్పాలి: మహాప్రస్థానానికి బయలుదేరుతూ పాండవులు పరీక్షిత్తుకు పట్టం కట్టి, రాజ్యరక్షణను అతనికే అప్పగించారు.