తెరిచినవన్నీ మూయాలి: బ్రాకెట్ వరుసల లెక్క

ఒక జత బ్రాకెట్లలో తెరిచే గుర్తు ఒకటి, మూసే గుర్తు ఒకటి ఉంటాయి. కొన్ని జతలను పక్కపక్కన రాసినప్పుడు, ప్రతి మూసే గుర్తుకూ అంతకుముందే తెరిచిన జోడీ ఉండి, చివరికి ఏదీ తెరిచినది తెరిచినట్టే మిగిలిపోకుండా ఉంటే దాన్ని సంతులిత వరుస అంటారు. `(())` అలాంటిదే, `()()` కూడా అలాంటిదే. `)(` మాత్రం కాదు. రెండు గుర్తులూ చెరొకటి ఉన్నా, తెరవకముందే మూసేసిన వరుస అది.

ఒక వరుస సరైనదో కాదో తేల్చడం చాలా తేలిక. ఎడమ నుంచి చదువుతూ తెరిచే గుర్తుకు ఒకటి కలుపుతూ, మూసే గుర్తుకు ఒకటి తీసేస్తూ పోవాలి. దారిలో ఎక్కడా లెక్క సున్నకు దిగువకు పోకూడదు, చివర సరిగ్గా సున్న దగ్గర ఆగాలి. `())(()` అనే వరుసలో తెరిచేవి మూడు, మూసేవి మూడు. చివరి లెక్క సున్నే. అయినా మూడో గుర్తు దగ్గరే లెక్క మైనస్ ఒకటికి పడిపోతుంది కాబట్టి అది చెల్లదు.

అసలు ప్రశ్న దీని తర్వాత వస్తుంది. n జతలు ఇస్తే సంతులిత వరుసలు మొత్తం ఎన్ని? ఒక జతతో ఒకటే. రెండు జతలతో పైన చూసిన రెండు. మూడు జతలతో ఐదు:

```
((()))   (()())   (())()   ()(())   ()()()
```

నాలుగు జతలకు కాగితం మీద రాసి లెక్కపెట్టవచ్చు గానీ, ఒకటి వదిలేశామా, ఒకటి రెండుసార్లు రాశామా అన్న అనుమానం అక్కడి నుంచే మొదలవుతుంది. పది జతలకు అసలు రాయలేం. చిన్న వరుసల లెక్క నుంచి పెద్ద వరుసల లెక్కను రాబట్టే నియమం కావాలి.

ముందుగా తట్టే ఆలోచన ఇలా ఉంటుంది. ఏ సంతులిత వరుస అయినా ఒక చిన్న వరుస చుట్టూ బ్రాకెట్లు పెడితేనో, రెండు చిన్న వరుసలను పక్కపక్కన చేరిస్తేనో వస్తుంది కదా, ఆ రెండు దారుల్లో వచ్చేవన్నీ కూడేస్తే సరిపోతుంది అనిపిస్తుంది. మూడు జతల మీద ఇది ప్రయత్నిస్తే లోపం బయటపడుతుంది. రెండు జతల వరుసలు రెండు కాబట్టి చుట్టూ బ్రాకెట్లు పెడితే రెండు వస్తాయి. ఒక జత వరుస పక్కన రెండు జతల వరుసను చేరిస్తే ఇంకో రెండు, రెండు జతల వరుస పక్కన ఒక జతను చేరిస్తే మరో రెండు. మొత్తం ఆరు. కానీ ఉన్నవి ఐదే. `()()()` అనే వరుస రెండుసార్లు లెక్కలోకి వచ్చింది: మొదటి జత తర్వాత విరిచినప్పుడు ఒకసారి, రెండో జత తర్వాత విరిచినప్పుడు మరోసారి. జతలు పెరిగేకొద్దీ ఈ పునరుక్తి అదుపు తప్పుతుంది.

కాబట్టి ప్రతి వరుసనూ ఒకే ఒక్క చోట విరిచే పద్ధతి ఉండాలి. ఆ చోటును మొదటి గుర్తే చూపిస్తుంది. ఖాళీ కాని ఏ సంతులిత వరుస అయినా తెరిచే గుర్తుతోనే మొదలవుతుంది. దాన్ని మూసే జోడీ ఎక్కడుందో ఒకే విధంగా తేలుతుంది: ముందు చెప్పిన లెక్క మొదటిసారి సున్నకు చేరే చోటు అది. ఆ జోడీ లోపల ఉన్న ముక్కను A అనీ, దాని తర్వాత మిగిలిన ముక్కను B అనీ అంటే, వరుస మొత్తం `(A)B` రూపంలో ఉంటుంది. A, B రెండూ మళ్లీ సంతులిత వరుసలే. వాటిలో ఏదైనా ఖాళీగా కూడా ఉండవచ్చు.

`(()())()` అనే వరుసను తీసుకుంటే లెక్క 1, 2, 1, 2, 1, 0, 1, 0 గా సాగుతుంది. మొదటి సున్న ఆరో గుర్తు దగ్గర వచ్చింది. కాబట్టి మొదటి గుర్తుకు జోడీ ఆరోది. లోపలి ముక్క `()()`, బయట మిగిలింది `()`. ఇదే వరుసను ఈ పద్ధతిలో వేరే విధంగా విరవడం సాధ్యం కాదు. తిరుగు దారిలో, ఏ రెండు సంతులిత వరుసలనైనా A, B స్థానాల్లో పెడితే ఒక సంతులిత వరుస వస్తుంది. ఏదీ వదిలిపోదు, ఏదీ రెండుసార్లు రాదు. లెక్కకు కావలసిన హామీ ఇంతే.

n జతల వరుసల సంఖ్యను C(n) అందాం. మొదటి జతకు ఒకటి పోగా మిగిలిన n−1 జతలను A, B పంచుకుంటాయి. A కి i జతలు వెళితే B కి n−1−i జతలు మిగులుతాయి. A ను C(i) విధాలుగా ఎంచుకోవచ్చు, అందులో ప్రతిదానికీ B ని C(n−1−i) విధాలుగా ఎంచుకోవచ్చు. కాబట్టి ఆ రెండింటినీ గుణించి, i విలువ 0 నుంచి n−1 వరకు మారుతుండగా వచ్చే లబ్ధాలన్నీ కూడాలి:

```
C(0) = 1
C(n) = C(0)·C(n−1) + C(1)·C(n−2) + ... + C(n−1)·C(0)
```

C(0) ఒకటి కావడం కొందరికి వింతగా తోస్తుంది. ఏమీ రాయకపోవడం కూడా ఒక సంతులిత వరుసే. అలాంటిది ఒక్కటే ఉంది. అక్కడ సున్న పెడితే ఆ తర్వాత ప్రతి విలువా సున్నే అవుతుంది.

నాలుగు జతలకు A లో 0, 1, 2, 3 జతలు ఉండవచ్చు. వరుసగా 1×5, 1×2, 2×1, 5×1. మొత్తం 14. ఐదు జతలకు 14+5+4+5+14, అంటే 42. ఆరు జతలకు 132, ఏడుకు 429. ప్రతి మొత్తంలోనూ లబ్ధాలు రెండు చివర్ల నుంచి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి సగం లెక్క వేసి రెట్టింపు చేస్తే చాలు. n బేసి అయితే మధ్యలో ఒక వర్గం అదనంగా మిగులుతుంది.

ఈ నియమం మొదట పుట్టింది బ్రాకెట్ల కోసం కాదు. 1751లో గణితవేత్త ఆయిలర్ తన మిత్రుడు గోల్డ్‌బాఖ్‌కు రాసిన లేఖలో ఒక బహుభుజిని, ఒకదాన్నొకటి ఖండించుకోని కర్ణాలతో త్రిభుజాలుగా ఎన్ని విధాలుగా విభజించవచ్చో చర్చించాడు. చతుర్భుజానికి 2, పంచభుజికి 5, షడ్భుజికి 14. ఆయిలర్ దగ్గర సూత్రం ఉంది గానీ అది చిన్న విలువల తీరు చూసి పట్టుకున్నది. ఆయన సూచనతో ఈ సమస్యను చేపట్టిన యోహాన్ సెగ్నర్ పైన చెప్పిన పునరావృత సంబంధాన్ని కనుగొన్నాడు. బహుభుజిలో ఒక భుజాన్ని ఎంచుకుంటే, దాని మీద నిలిచే త్రిభుజం ఒక్కటే ఉంటుంది. ఆ త్రిభుజం మిగతా బొమ్మను ఎడమ, కుడి బహుభుజులుగా చీలుస్తుంది. ఇక్కడి ఎడమ ముక్క, కుడి ముక్క అక్కడి A, B లాంటివే. మొదటి విలువా ఒకటే, నియమమూ ఒకటే అయినప్పుడు వచ్చే సంఖ్యలూ ఒకటే కాక తప్పదు. n+2 భుజాల బహుభుజి విభజనలు, n జతల బ్రాకెట్ వరుసలు సమానం కావడానికి కారణం ఇదే. ఈ సంఖ్యలకు తర్వాతి కాలంలో కాటలాన్ సంఖ్యలనే పేరు స్థిరపడింది. బెల్జియంలో పుట్టిన కాటలాన్ 1838లో గుణకారాల్లో బ్రాకెట్లు పెట్టే విధానాలకు ఈ సంఖ్యలను ముడిపెట్టాడు.

సెగ్నర్ పట్టికలో జరిగిన పొరపాటు ఈ నియమం స్వభావాన్ని బాగా చూపిస్తుంది. ఇరవై భుజాల వరకు విలువలు లెక్కకట్టిన ఆయన, C(13) దగ్గర కూడికలో తప్పాడు. ప్రతి కొత్త విలువ అంతకుముందున్న అన్ని విలువలనూ వాడుకుంటుంది కాబట్టి ఆ తర్వాతవన్నీ తప్పయ్యాయి. చేతితో వేస్తే C(13) ఇలా ఉంటుంది: 208012, 58786, 33592, 24310, 20020, 18018 కూడితే 362738. రెట్టింపు 725476. మధ్యలో మిగిలిన 132 వర్గం 17424. మొత్తం 742900.

ఇలాంటి తప్పును పట్టడానికి మరో దారి నుంచి వచ్చే లెక్క కావాలి. ఆయిలర్ సూత్రం ఆ పని చేస్తుంది. అందులో ఒక విలువ తెలియాలంటే దానికి ముందున్న ఒక్క విలువ చాలు:

```
C(n) = C(n−1) × (4n−2) / (n+1)
```

C(12) అయిన 208012 ను 50 తో గుణించి 14 తో భాగిస్తే సరిగ్గా 742900 వస్తుంది. శేషం మిగిలితే ఎక్కడో తప్పు జరిగినట్టే. ఇంకా తేలికైన గుర్తు ఒకటుంది: 1, 3, 7, 15 లాగా, రెండు ఘాతం కంటే ఒకటి తక్కువైన జతలకే (సున్న జతలను కూడా కలుపుకుని) మొత్తం బేసి సంఖ్య అవుతుంది. మిగతా చోట్ల అది సరిసంఖ్యే. పదమూడు జతలకు బేసి సంఖ్య వచ్చిందంటే మళ్లీ కూడి చూసుకోవాల్సిందే.

సెగ్నర్ నియమాన్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌కు అప్పగిస్తే వేరే చిక్కు వస్తుంది. ప్రతి C(i) కావలసినప్పుడల్లా దాన్ని మొదటి నుంచి లెక్కించే ప్రోగ్రాం రాస్తే, C(n) కోసం ఫంక్షన్‌ను 3 పవర్ n సార్లు పిలవాల్సి వస్తుంది. ఇరవై జతలకే అది 348 కోట్లు దాటుతుంది. తెలిసిన విలువలను ఒక జాబితాలో దాచుకుంటే అదే ఫలితానికి 210 గుణకారాలు చాలు:

```python
C = [1]
for n in range(1, 21):
    C.append(sum(C[i] * C[n-1-i] for i in range(n)))
print(C[20])
```

ఇది 6564120420 అని చూపిస్తుంది. మొత్తాలు పెరిగే వేగం కూడా ఇక్కడ అర్థమవుతుంది. ఆయిలర్ సూత్రంలోని (4n−2)/(n+1) అనే భిన్నం n పెరిగేకొద్దీ నాలుగుకు చేరువవుతుంది గానీ దాన్ని ఎప్పుడూ తాకదు. ఒక జత పెరిగితే మొత్తం దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే 64 బిట్ల గుర్తుగల పూర్ణాంకాల్లో C(35) వరకే పడుతుంది. జావా వంటి భాషలో C(36) ను `long` లో దాచబోతే రుణసంఖ్య ప్రత్యక్షమవుతుంది. పైథాన్ పూర్ణాంకాలకు అలాంటి హద్దు లేదు కాబట్టి అక్కడ అదే విలువ 11959798385860453492 అని సరిగ్గా వస్తుంది.