బరువెత్తే మనిషిని పక్కనుంచే ఎందుకు చూపిస్తారు?

గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరినవాళ్లకు చూపించే భద్రతా వీడియోల్లో ఒకటి ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. వెనక ఖాళీ గోడ, ముందు కదలని కెమెరా. ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడి నేలమీది అట్టపెట్టెను ఎత్తి, మళ్లీ దించుతాడు. చూసినవాళ్లకు గుర్తుండేది ఒక్క మాటే: నడుం వంచొద్దు, మోకాళ్లు వంచు. కానీ మోకాళ్లకంటే ముందు చూడాల్సింది పెట్టెకూ నడుముకూ మధ్య ఎంత ఎడం ఉందో. ఎదురుగా నిలబడి చూస్తే ఆ ఎడం తెలియదు. కెమెరాను పక్కన పెట్టేది అందుకే.

పెట్టె బరువు 15 కిలోలు అనుకుందాం. నడుం అడుగున, చివరి వెన్నుపూస కింద ఉండే డిస్కుకు అది 30 సెంటీమీటర్ల ముందు ఉంది. ఒళ్లు ముందుకు తూలకుండా వెనక నుంచి లాగిపట్టే కండరాలేమో ఆ డిస్కుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. దూరం ఆరోవంతు కాబట్టి బలం ఆరు రెట్లు కావాలి. అంటే 15 కిలోల పెట్టెకు 90 కిలోల లాగుడు. అదే పెట్టెను 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 180 కిలోలు. నిండు బకెట్టును ఒంటికి ఆనించి మోయడానికీ చెయ్యి చాపి పట్టుకోవడానికీ ఉన్న తేడానే ఇది. పైగా వంగిన ఒంటి బరువు అదనం. ఈ ఒత్తిడంతా ఆ డిస్కు మీదే పడుతుంది.

ఇప్పుడు వీడియోను మూడుచోట్ల ఆపి చూడండి. మొదటిది, పెట్టె నేల విడిచే క్షణం. పాదాలు పెట్టెకు ఆనుకునేంత దగ్గరగా, ఒకటి కాస్త ముందుకు ఉండాలి. తుంటి, మోకాళ్లు రెండూ వంగాలి, వీపు గూనిలా గుండ్రంగా తిరగకూడదు. రెండోది, పెట్టె మోకాళ్ల ఎత్తుకు వచ్చినప్పుడు. తుంటి, భుజాలు కలిసి లేస్తున్నాయా? తుంటి ముందే లేచిపోయి, కాళ్లు నిటారుగా, తల కిందికి ఉంటే, కూర్చుని మొదలుపెట్టినా చివరికి నడుంతోనే ఎత్తుతున్నట్టు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మూడోది, దించేటప్పుడు. ఎత్తేటప్పుడు జాగ్రత్తపడినవాళ్లు కూడా దించేటప్పుడు పెట్టెను దూరంగా వదిలేస్తారు.

మోకాళ్లు వంచమన్న సలహాకు ఒక మెలిక ఉంది. పెట్టె కాళ్ల మధ్యకు పట్టేంత చిన్నదైతేనే అది పనికొస్తుంది. వెడల్పాటి పెట్టె ముందు గొంతుకూర్చుంటే మోకాళ్లే అడ్డొచ్చి పెట్టెను ముందుకు నెడతాయి, ఎడం పెరుగుతుంది. అలాంటిదాన్ని ఒకరే ఎత్తకుండా ఇద్దరు పట్టుకోవడం మేలు.

ఇలాంటి వీడియోను ఫోన్‌తోనే తీయొచ్చు. ఫోన్‌ను స్టాండు మీద తుంటి ఎత్తులో, మనిషికి సరిగ్గా పక్కన నిలపాలి. ఏటవాలుగా పెడితే ఎడం ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. భుజం, తుంటి, మోకాలు, చీలమండ దగ్గర రంగు టేపు ముక్కలు అంటిస్తే ఏ కీలు ఎప్పుడు కదిలిందో తెలుస్తుంది. 1880లలో పారిస్‌లో ఎతియెన్ జూల్ మారే కూడా నల్లటి దుస్తుల మీద తెల్లటి గీతలు వేయించి, మనుషుల నడకను ఫొటోలు తీశాడు.

పక్కనుంచి చూస్తే దొరకనిది నడుం మెలి. పెట్టె ఎత్తినవాడు పాదాలు కదపకుండా పక్కనున్న బల్ల మీద పెట్టడానికి నడుం తిప్పితే, ఆ మెలి ఈ కెమెరాకు సరిగా చిక్కదు. దానికి ఎదురుగా ఇంకో కెమెరా కావాలి.

వీడియో ఎంత బాగా తీసినా ఒక హద్దు దాటి పనిచేయదు. అమెరికాలో సుమారు నాలుగు వేలమంది తపాలా ఉద్యోగులతో శిక్షణను పరీక్షించి, ఫలితాన్ని 1997లో ప్రకటించారు. శిక్షణ తీసుకున్నవాళ్లలో నడుం గాయాలు తగ్గలేదు. అదే దేశపు వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే ఒక మనిషి ఎత్తదగిన బరువు 23 కిలోలు. నేలమీద నుంచి ఎత్తాల్సివస్తే అది దాదాపు 18కి దిగుతుంది. ఎడం 25 నుంచి 50 సెంటీమీటర్లకు పెరిగితే సగమవుతుంది.

మన సిమెంటు బస్తా 50 కిలోలు. దాన్ని ఎత్తడానికి ఏ భంగిమా సరిపోదు. అక్కడ మార్చాల్సింది హమాలీ నిలబడే తీరును కాదు. బస్తాను చిన్నది చేయాలి, లేదంటే నేలమీద కాకుండా నడుం ఎత్తు అరుగు మీద దించుకుని, అక్కడినుంచి తోపుడుబండి మీదికి జరపాలి.