రాళ్ళ కింద సాక్షులు

వాగునీరు మంచిదో కాదో తేల్చుకోవాలంటే మనం సాధారణంగా ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపుతాం. ఆ సీసా చెప్పేది నీరు పట్టిన క్షణం సంగతి మాత్రమే. ముందురోజు రాత్రి ఎవరైనా మురుగు వదిలివుంటే తెల్లవారేసరికి అది దిగువకు పోయివుంటుంది. కాని వాగు అడుగున రాళ్ళను కరుచుకుని నెలల తరబడి బతికే చిన్న పురుగులు అంత తేలికగా ఎక్కడికీ పోలేవు. వచ్చిన మురుగునంతా అవి భరించవలసిందే. తట్టుకోలేనివి చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి. మిగిలినవేవో చూచి నీటి చరిత్ర చెప్పే పద్ధతి ఒకటి వున్నది.

మొన్న డిసెంబరులో మా కళాశాల జంతుశాస్త్ర విద్యార్థులు అరకు ప్రాంతంలో ఒక కొండవాగు మీద ఈ ప్రాక్టికల్ చేస్తూంటే, తెలుగు పాఠాలు చెప్పుకునే నేనూ వేడుక చూడబోయాను. వాగు ఒడ్డున ఒక పల్లె. పల్లెకు ఎగువన ఒకచోట, దిగువన ఒకచోట పరీక్ష. రెండూ గులకరాళ్ళ మీద నీరు గలగలా పారే చోట్లే. ఒకచోట రాళ్ళు, మరొకచోట బురద అయితే పోల్చడానికి వీల్లేదట.

ఒకడు వల మూతిని ప్రవాహానికి ఎదురుగా అడుగుకు ఆనించి పట్టుకుంటాడు. మరొకడు దానికి ఎగువన నిలబడి మూడు నిమిషాలపాటు మడమతో రాళ్ళను కదిలిస్తాడు. లేచిన పురుగులు నీటితోపాటు వలలో పడతాయి. వాటిని తెల్లని పళ్ళెంలో పోసి కాసేపు కదలకుండా వుంచాలి. తొందరపడితే చెత్త తప్ప ఏమీ కనిపించదు; రెండు మూడు నిమిషాలకు ఆ చెత్తలోంచే కాళ్ళూ తోకలూ కదలడం మొదలుపెడతాయి.

ఇక లెక్క. 1970ల చివర బ్రిటనులో తయారైన పట్టికలో ఒక్కొక్క కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు వేశారు. మురుగును ఎంత తట్టుకోలేకపోతే అన్ని ఎక్కువ మార్కులు. రెండు తోకల స్టోన్‌ఫ్లై పిల్లకు 10. సాధారణంగా మూడు తోకలుండే మేఫ్లైలలో, రాతికి అతుక్కునే బల్లపరుపు రకానికి 10. చేపపిల్లలా ఈదే మరో రకానికి మాత్రం 4. (వీటికి తెలుగు పేర్లేవని నన్నడిగారు. ఒక్క తూనీగ పిల్లకు తప్ప చెప్పలేకపోయాను.) జలగకూ నత్తకూ 3. ఎర్రగా మెలికలు తిరిగే కైరోనమిడ్ పురుగుకు 2. దాని ఎరుపు మన నెత్తుటిలోని హీమోగ్లోబినే. అందుకే ప్రాణవాయువు తక్కువైన బురదలోనూ బతుకుతుంది. నీటి ఎర్రలకు 1.

ఎగువన ఎనిమిది కుటుంబాలు దొరికాయి. పదేసి మార్కులవి మూడు, తూనీగ పిల్లకు 8, అయిదేసివి రెండు, ఇంకా 4, 2. మొత్తం 54. దిగువన ఆరు కుటుంబాలు: 5, 4, 3, 3, 2, 1. మొత్తం 18. అక్కడ ఎర్రపురుగులు రెండువందలకు పైగా వున్నాయని ఒక విద్యార్థిని పేచీ పెట్టింది. వెయ్యి వున్నా రెండు మార్కులే. లెక్క కుటుంబాలకే గాని తలలకు కాదు.

ఈలోగా ఎగువనే పనిచేసిన రెండో జట్టు బిక్కమొహం వేసుకుని వచ్చింది. వాళ్ళకు దొరికినవి అయిదే కుటుంబాలు: 10, 10, 8, 4, 2. మొత్తం 34. ఒకే నీటికి ఒకరు 54, ఒకరు 34 అంటే ఎవరిని నమ్మడం? వాళ్ళు సరిగా కాలు ఆడించలేదన్నమాట. ఇందుకే మొత్తాన్ని కుటుంబాల సంఖ్యతో భాగించాలి. మొదటి జట్టుకు 6.75, రెండోవారికి 6.8. వెతకడంలో లోపం మొత్తాన్ని తగ్గించింది గాని సగటును దాదాపు కదిలించలేదు. దిగువన సగటు 3. అది వెతుకులాట లోపం కాదు, నీటి లోపమే.

వింత ఏమంటే, మధ్యాహ్నం మీటరు పెట్టి చూస్తే నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు ఎగువన 8.2 మిల్లీగ్రాములు, దిగువన 8.0. రెంటికీ తేడా లేనట్లే! దిగువ రాళ్ళ మీద దట్టంగా పట్టిన పచ్చని పాచి ఎండలో ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి అదే పాచి దాన్ని పీల్చుకుంటుంది. పగటిపూట మీటరుకు ఆ రాత్రి కనిపించదు. రెండుచోట్లకూ నడుమ గట్టు వెంట నడిచి చూస్తే పల్లె మురుగుకాలవ ఒకటి పొదల చాటున వాగులో కలుస్తున్నది.

అయితే బ్రిటను పురుగులకు వేసిన మార్కులు మన పురుగులకు అచ్చంగా సరిపోవు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ పద్ధతిని మన నదులకు తగినట్లు మార్చుకున్నది. ఈ పరీక్ష వరద వెళ్ళిన వెంటనే చేయకూడదు. మంచినీటి పురుగులు కూడా కొట్టుకుపోయి, శుభ్రమైన వాగుకే మార్కులు తగ్గుతాయి.

పళ్ళేలు కడుగుతూంటే పల్లె పెద్దాయన ఒకాయన వచ్చి, "ఏం బాబూ, పైనీళ్ళు మా పిల్లలు తాగొచ్చా?" అని అడిగాడు. కుర్రవాళ్ళు 6.75 చూపించబోయారు. జంతుశాస్త్రం మాస్టారు వారించి, "ఈ లెక్కకు విరోచనాల క్రిములు కనిపించవు తాతా. దానికి వేరే పరీక్ష వుంది. కాచి తాగించండి" అన్నారు. ఆ పరీక్షకోసం ఉడకబెట్టిన సీసాలో ఎగువ నీరు పట్టి, మంచుపెట్టెలో పెట్టారు. పళ్ళెంలోని పురుగులను పట్టిన చోటనే వదిలేశారు.