పగిలిన కప్పు ఖర్చు ఎవరి ఖాతాలో?

ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా పింగాణీకి పేరుపడ్డ ఊరు. అలాంటి చోట టీ కప్పులు చేసే ఓ చిన్న కార్ఖానాను ఊహించుకుందాం. జావలా కలిపిన బంకమట్టిని ప్లాస్టర్ అచ్చుల్లో పోస్తారు. అచ్చు నీటిని పీల్చుకున్నాక కప్పు బయటికి వస్తుంది. దాన్ని ఆరబెట్టి, అంచులు నున్నగా గీకి, బట్టీకి పంపే ముందు ఒక బల్ల మీద పరీక్షిస్తారు. కంటికి కనపడని సన్న పగుళ్లను పట్టడానికి పచ్చి కప్పుకు కిరోసిన్ పూయడం ఈ పనిలో ఉన్న పద్ధతే. పగులున్న చోట కిరోసిన్ ఇంకి, చుట్టుపక్కల ఆరిపోయినా ఆ గీత మాత్రం తడిగా కనపడుతుంది.

ఈ బల్లను బట్టీకి ముందే పెట్టడానికి కారణముంది. పచ్చి కప్పును నీళ్లలో వేస్తే మళ్లీ మట్టవుతుంది. ఒకసారి కాల్చాక అది మట్టి కాదు, పెంకు. పైగా కాల్చే ఖర్చు, మెరుగు పూత ఖర్చు పగుళ్ల కప్పు మీద పెట్టడం దండగ. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. చిక్కంతా లెక్కలు రాసే గదిలో మొదలవుతుంది. ఏరేసిన కప్పుల మీద అప్పటిదాకా అయిన ఖర్చును ఎవరు మోయాలి?

లెక్క తేలిగ్గా ఉండేందుకు అంకెలు నేనే వేస్తున్నాను. కప్పుకు మట్టి ఖర్చు 14 రూపాయలు, అదంతా మొదట్లోనే పడుతుంది. కూలి, కరెంటు, ఇంధనం కలిపి మొదటి నుంచి చివరిదాకా 10 రూపాయలు. దీన్ని తయారీ ఖర్చు అందాం. పరీక్ష బల్ల 40 శాతం పని అయినచోట ఉంది. అంటే బల్ల దగ్గర ఏరేసిన ప్రతి కప్పు మీదా 14 రూపాయల మట్టి, 4 రూపాయల తయారీ, మొత్తం 18 రూపాయలు ఖర్చయిపోయాయి. దాన్ని 24 రూపాయల నష్టంగా రాస్తే తప్పు. ఆ కప్పు బట్టీ వేడి చూడనేలేదు. బల్ల దగ్గరికి వచ్చినవాటిలో పదో వంతు పోవడం ఈ పనికి సహజం. దీన్నే సాధారణ నష్టం అంటారు. మంచి కప్పులు తయారు కావాలంటే తప్పని ఖర్చు కాబట్టి, మంచి కప్పులే దాన్ని మోయాలి.

ఒక నెలలో 10,000 కప్పులు మొదలుపెట్టారు. నెలాఖరుకు 2,000 కప్పులు బల్ల దాటి, 80 శాతం పనితో బట్టీ దగ్గర ఉన్నాయి. అన్నీ పరీక్షకు వెళ్లాయి కనక 1,000 పోయాయి, 7,000 పూర్తయ్యాయి. పోయినవాటి ఖర్చు 18,000 రూపాయలు. బల్ల దాటిన మంచి కప్పులు 9,000. ఒక్కోదానికి 2 రూపాయలు పడుతుంది. పూర్తయిన కప్పు ధర 24కు 2 కలిపి 26 రూపాయలు. సగంలో ఉన్న 2,000 కప్పుల మీద మట్టి 28,000, తయారీ 16,000, నష్టంలో వాటా 4,000, వెరసి 48,000. ఇంకా పూర్తి కాకపోయినా వాటికీ వాటా ఎందుకంటే, ఆ పరీక్ష నెగ్గి వచ్చిన కప్పులవి. వాటి కోసం పోవలసినవి అప్పటికే పోయాయి.

ఇప్పుడు ఒక్క విషయం మారుద్దాం. అవే 10,000 కప్పులు మొదలుపెట్టారు, కానీ నెలాఖరున మిగిలిన 2,000 కప్పులు 25 శాతం పనితో ఆరబెట్టే బీరువాల్లోనే ఉన్నాయి. బల్ల దగ్గరికి వచ్చినవి 8,000 మాత్రమే. అందులో 800 పోయి 7,200 పూర్తయ్యాయి. పోయినవాటి ఖర్చు 14,400 రూపాయలు. ఇది మొత్తం ఈ 7,200 కప్పుల మీదే పడుతుంది. ఒక్కోదానికి మళ్లీ 2 రూపాయలే, కప్పు ధర మళ్లీ 26 రూపాయలే. బీరువాల్లోని కప్పుల మీద మట్టికి 28,000, తయారీకి 5,000, మొత్తం 33,000. నష్టంలో వాటా సున్నా. వాటిలో ఏవి పగిలాయో ఎవరికీ తెలియదు. తేలని నష్టాన్ని వాటి నెత్తిన వేయడం న్యాయం కాదు.

నాకు ఈ పద్ధతిలో నచ్చేది ఇదే. నెలాఖరున సరుకు ఎక్కడ ఆగినా కప్పు ధర కదలదు. పనితనం మారలేదు గనక ధర మారకూడదు కూడా.

కొందరు పోయిన కప్పులను లెక్కలోంచి తీసేసి, మొత్తం ఖర్చును మిగిలినవాటికి పంచుతారు. తొందరగా అయిపోతుంది, నిజమే. కానీ రెండో నెలను అలా లెక్కగడితే పూర్తయిన కప్పు ధర సుమారు 25.63 రూపాయలకు దిగుతుంది. బీరువాల్లోని సరుకు 33,000కు బదులు దాదాపు 35,640 అవుతుంది. ఇంకా జరగని నష్టాన్ని పచ్చి కప్పులు ముందే మోస్తున్నాయన్నమాట. ఆ మేరకు ఈ నెల లాభం ఎక్కువగా కనపడుతుంది.

మామూలు కంటే ఎక్కువ పోతే సంగతి వేరు. మొదటి నెలలో 1,000కి బదులు 1,100 పోయాయనుకోండి. ఆ అదనపు నూరు కప్పులు మంచివి కావలసినవి. కాబట్టి వాటినీ బల్ల దాటిన లెక్కలో వేసి, 18 మీద 2 కలిపి ఒక్కోదాన్ని 20 రూపాయలుగా గట్టి, 2,000 రూపాయలు నేరుగా లాభనష్టాల ఖాతాకు పంపుతారు. మన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 కూడా అసాధారణ వృథాను సరుకు విలువలో కలపవద్దనే చెబుతుంది. మంచి కప్పు 26 దగ్గరే ఉంటుంది. పోయిన కప్పుల మట్టిని మళ్లీ వాడుకుంటే, దాని విలువను ముందే తీసేసి మిగిలిన నష్టాన్నే పంచాలి.

పని ఎంత శాతం అయిందన్నది మేస్త్రీ అంచనా. బీరువాల్లోని కప్పులను 25 శాతానికి బదులు 30 అని రాస్తే వాటి విలువలో తేడా వెయ్యి రూపాయల లోపే. అదే కప్పులను బల్ల దాటినవాటిగా రాస్తే మూడు వేలకు పైగా నష్టం వాటి మీద పడుతుంది. అందుకే నెలాఖరు లెక్కింపులో బల్లకు ఇవతలి కప్పులనూ అవతలి కప్పులనూ విడివిడిగా రాసుకోవాలి. ఒకే కాగితం మీద "సగంలో ఉన్నవి 2,000" అని రాస్తే ఆ కాగితంతో పని జరగదు.

ఎక్కువమంది జారేది మరోచోట. పదో వంతును బల్ల దగ్గరికి వచ్చినవాటి మీద కాకుండా, నెలలో మొదలుపెట్టిన 10,000 మీద కడతారు. రెండో నెలలో అలా కడితే సాధారణ నష్టం 1,000 అని వస్తుంది. నిజంగా పోయినవి 800. పుస్తకంలో 200 కప్పుల అసాధారణ లాభం పుట్టుకొస్తుంది, మేనేజరుకు మెచ్చుకోలూ దక్కుతుంది. మరుసటి నెల బీరువాల్లోని ఆ 2,000 కప్పులు బల్ల మీదికొచ్చి, వాటి వంతు 200 పోతాయి. కానీ అవి ఆ నెల మొదలుపెట్టినవి కావు గనక వాటి నష్టానికి లెక్కలో చోటుండదు. ఈసారి 200 కప్పుల అసాధారణ నష్టం కనపడి, అదే మేనేజరుకు సంజాయిషీ నోటీసు వెళ్తుంది. ఒక నెల లాభం, మరు నెల అంతే నష్టం, అదీ బీరువాల్లో మిగిలిన సరుకు పెరిగినప్పుడూ తరిగినప్పుడూ వస్తోందంటే, కార్ఖానాలో వెతకడం ఆపి లెక్క చూడాలి. మొదట్లో పరీక్ష కాకుండా ఉన్నవాటికి కొత్తగా మొదలుపెట్టినవి కలిపి, చివర్లో పరీక్ష కాకుండా మిగిలినవి తీసేస్తే ఆ నెల బల్ల ఎక్కిన కప్పులు తేలతాయి. పదో వంతు కట్టాల్సింది ఆ అంకె మీద.