అడ్డం లోగోనా, నిలువు లోగోనా?

గుర్తు ఎడమవైపు, పేరు కుడివైపు, పేరు కింద ట్యాగ్‌లైన్ ఉంటే అది అడ్డం లోగో. గుర్తు పైన, దాని కింద పేరు, ఆ కింద ట్యాగ్‌లైన్ ఉంటే నిలువు లోగో. డిజైనర్లు ఈ రెండింటినీ చాలాసార్లు ఒకే తెల్ల కాగితం మీద, ఒకే వెడల్పులో పక్కపక్కన పెట్టి పంపుతారు. అలా చూస్తే నిలువుదే పెద్దగా, నిండుగా కనిపిస్తుంది. ఇంట్లో అందరూ దాన్నే మెచ్చుకుంటారు. అసలు సంగతి అది వెళ్లి కూర్చునే చోటు చూస్తేనే తేలుతుంది.

ఒక నూనె కొట్టు తీసుకుందాం. పేరు ‘పల్లె గానుగ’, ట్యాగ్‌లైన్ ‘మీ ముందే ఆడించిన నూనె’ అనుకుందాం. గుర్తుగా ఒక గుండ్రని గానుగ. పేరు పొడవు గుర్తుకు మూడింతలు. కొట్టు బోర్డు 12 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. పైనా కిందా అరడుగు చొప్పున వదిలితే లోగోకు మిగిలేది 2 అడుగుల ఎత్తు. అందులో అడ్డం లోగో పెడితే పేరు 6 అడుగుల పొడవు వస్తుంది, రోడ్డు అవతలి నుంచి చదవొచ్చు. నిలువుది పెడితే ఆ ఎత్తును గుర్తు, పేరు, ట్యాగ్‌లైన్ పంచుకోవాలి కాబట్టి పేరు 2.7 అడుగులకు మించదు. ఇరుపక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున ఖాళీ మిగులుతుంది. అది లోగోకు ఊపిరినిచ్చే ఖాళీ కాదు, ఏం చేయాలో తోచక వదిలేసిన ఖాళీ. నాలుగు రోజులకు అందులోకి ఫోన్ నంబర్లు, దేవుడి బొమ్మ వచ్చి చేరతాయి.

సీసా లేబుల్ దగ్గర లెక్క తిరగబడుతుంది. 6 సెంటీమీటర్ల చదరపు లేబుల్‌లో అంచులు పోగా 5 సెంటీమీటర్లు దొరుకుతాయనుకుంటే, నిలువు లోగోలో పేరు ఆ 5 సెంటీమీటర్లూ పరుచుకుంటుంది. అడ్డం లోగోలో మూడున్నర దగ్గరే ఆగిపోతుంది. ట్యాగ్‌లైన్ అక్షరం ఎత్తు మొదటిదాంట్లో సుమారు 3 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 2. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకే తెలుగులో గుడి, గుడిదీర్ఘం కలిసిపోతాయి.

చోటు కుదిరాక చూడాల్సింది తూకం. మన లిపితో చిక్కంతా ఇక్కడే ఉంది. ‘పల్లె గానుగ’ను దగ్గరగా చూడండి. గీత కిందికి దిగేది ‘ల్లె’ కింది వత్తు ఒక్కటే. ‘గానుగ’ కింద ఏమీ లేదు. అంటే పేరుకూ ట్యాగ్‌లైన్‌కూ మధ్య ఖాళీ ఎడమవైపు ఇరుకు, కుడివైపు విశాలం. ట్యాగ్‌లైన్‌ను పైకి జరిపితే వత్తు వచ్చి ‘ముందే’లోని ఏత్వాన్ని తాకుతుంది. కిందికి జరిపితే పేరుకూ దానికీ సంబంధం లేనట్టు విడిపోతుంది. కాబట్టి కొలత అక్షరాల అడుగు నుంచి కాదు, వత్తు చివర నుంచి తీసుకోవాలి. ఆ మేరకు ట్యాగ్‌లైన్ అక్షరాన్ని కాస్త తగ్గించినా పర్వాలేదు.

అడ్డం లోగోలో ఇదే వత్తు ఇంకో తిప్పలు పెడుతుంది. కంప్యూటర్‌లో మధ్యకు సర్దే మీట నొక్కితే అది వత్తునూ కలిపి ఎత్తు లెక్కేస్తుంది. దాంతో పేరు గుర్తు కంటే కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తుంది. కొలత సరిగ్గానే ఉన్నా కన్ను ఒప్పుకోదు. ఇలాంటప్పుడు కన్ను మాటే వినాలి. లోగోను తలకిందులు చేసి చూస్తే అక్షరాలు చదవడం మానేసి ఆకారాలనే చూస్తాం, ఏ పక్క బరువెక్కిందో వెంటనే తెలిసిపోతుంది.

ఖాళీని కూడా గీతంత జాగ్రత్తగా చూడాలనడానికి ఫెడెక్స్ లోగో మంచి సాక్ష్యం. 1994లో లాండర్ సంస్థలో లిండన్ లీడర్ రూపొందించిన ఆ లోగోలో చివరి రెండు అక్షరాల మధ్య తెల్లటి ఖాళీయే బాణం గుర్తు. అక్షరాలను కొంచెం ఎడంగా జరిపితే చాలు, బాణం మాయమవుతుంది. 1971లో శేఖర్ కామత్ గీసిన స్టేట్ బ్యాంక్ గుర్తులోనూ నీలి వలయం మధ్య తాళం రంధ్రంలా కనిపించేది ఖాళీయే. ఇలాంటి గుర్తు పక్కకు పేరును మరీ దగ్గరగా తెస్తే, లోపలి ఖాళీ కంటే బయటి ఖాళీ ఇరుకై గుర్తు నలిగినట్టుంటుంది.

వాట్సాప్ డీపీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ రెండూ పనికిరావు. గుర్తు ఒక్కటే పెట్టాలి.

లోగో చేయించుకునేవారు అడ్డం, నిలువు ఫైళ్లు రెండూ తీసుకోండి, ట్యాగ్‌లైన్ లేని మూడోది కూడా అడగండి. డబ్బు చెల్లించే ముందు లేబుల్‌ను అసలు సైజులో ప్రింట్ తీసి, సీసాకు అంటించి, చేయి చాచినంత దూరంలో పెట్టి ట్యాగ్‌లైన్ చదవండి. చదవలేకపోతే ఆ సైజులో ట్యాగ్‌లైన్ తీసేయించండి.